లెక్క చీరలది కాదు, జాకెట్లది

బీరువాలోని బట్టలన్నిటికీ ఫొటోలు తీసుకుని, వారం మొత్తానికి ముందే ఎంచుకోవడం మరీ కొత్త ఆలోచనేం కాదు. 1995లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘క్లూలెస్’లో నాయిక తన బట్టలను కంప్యూటర్ తెర మీదే జతలు కలిపి చూసుకుంటుంది. ఇప్పుడు ఆ పనికి ఫోన్ చాలు. కాకపోతే ఆ అమ్మాయికి చీరకు జాకెట్ వెతుక్కునే బాధ లేదు!

మన దగ్గర చాలామంది చేసే పొరపాటు అక్కడే. చీర, జాకెట్ కలిపి ఒకే ఫొటో తీస్తారు. అలా తీస్తే ఆ జాకెట్ ఇంకే చీరకు నప్పుతుందో తట్టదు. అందుకే జాకెట్లు, చున్నీలు, లెగ్గింగులు వేటికవి విడిగా తీయాలి. తీసేముందు జాకెట్ ఒకసారి తొడుక్కుని చూడండి. బిగుతైపోయినదాన్ని టైలర్‌కిచ్చే సంచీలో వేయండి, ఫొటో వద్దు. చీరనైతే అంచు, పైట, ఒడలు మూడూ కనబడేలా మడిచి పరవాలి.

ఫొటో పగటిపూట కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట, లైట్లు ఆర్పేసి తీయాలి. కింద తెల్ల దుప్పటి వేస్తే ఆ తెలుపును చూసి ఫోన్ వెలుతురు తగ్గిస్తుంది, ముదురు నీలం నలుపులా వస్తుంది. లేత బూడిద రంగు దుప్పటి మేలు. ఫ్రేమ్ నిండా ఎర్ర చీరే ఉంటే ఫోన్ ఆ ఎరుపును సరిదిద్దబోయి రంగు మార్చేయవచ్చు కాబట్టి చుట్టూ దుప్పటి కొంచెం కనబడనివ్వండి.

ఇక వారం సంగతి. ఆరు రోజుల ఆఫీసు, ఇరవై చీరలు, వంటికి సరిపోయే జాకెట్లు అయిదు ఉన్నాయనుకుందాం. చీరతో మొదలుపెడితే లెక్క కుదరదు, జాకెట్‌తో మొదలుపెట్టాలి. మూడు చీరలకు నప్పే నల్ల జాకెట్‌ను సోమవారం ఆకుపచ్చ మంగళగిరి చీర మీదికి వేసుకుంటే, ఆ రాత్రే ఉతికి ఆరేసి గురువారం పోచంపల్లి చీర మీదికి మళ్లీ వాడొచ్చు. వానాకాలంలో అయితే శనివారానికి జరపండి. మిగతా నాలుగు రోజులకు నాలుగు జాకెట్లు. గంజి పెట్టిన నూలు చీర ఒక్కసారి కడితే నలిగిపోతుంది, మళ్లీ ఇస్త్రీకి వెళ్లాల్సిందే. కాబట్టి వాటిని వారానికి రెండుకు మించనివ్వకుండా, బస్సులో ఎక్కువసేపు కూర్చునే రోజుకు జార్జెట్ పెట్టుకోవడం నయం.

కట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నవాటికి ఫోన్‌లో ఒక ఆల్బమ్ పెట్టి, ఉతుకుకు వెళ్లినవాటిని అందులోంచి తీసేస్తుండాలి. కొన్ని ఫోన్లలో అలా తీస్తే ఫొటోయే పోతుంది, ముందు ఒకదానితో చూసుకోండి.

వారం కుదరకపోతే ఏ జాకెట్ దగ్గర ఆగిందో ఫొటోల్లోనే తెలుస్తుంది. ఈసారి బజారుకెళ్లినప్పుడు చీర కొనకండి, ఆ రంగు జాకెట్ గుడ్డ కొనండి.