సంయోజిత వీధిదృశ్యంలో తెలుగు నామఫలకం: అక్షరాలు చెదరకుండా చేర్చే పద్ధతి

వ్యాససంగ్రహం

వేర్వేరు ఫొటోలను కలిపి కూర్చిన వీధిదృశ్యంలో దుకాణం బోర్డు మీద తెలుగు పేరు చేర్చినప్పుడు వత్తులు విడిపోవడం, గుణింతపు గుర్తులు స్థానం తప్పడం తరచుగా కనిపిస్తుంది. ఈ దోషం బొమ్మ కూర్పులో కాక, అంతకుముందే అక్షరం రూపుదిద్దుకునే దశలో పుడుతుంది. ‘శ్రీ లక్ష్మీ హార్డ్‌వేర్’ అనే ఊహాత్మక నామఫలకాన్ని ఉదాహరణగా తీసుకొని, దోషాలకు కారణాలను, గుర్తించే పద్ధతిని, నివారణను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: తెలుగు లిపి, యూనికోడ్, సంయుక్తాక్షరం, వత్తు, నామఫలకం, సంయోజిత చిత్రం.

1. ఉపోద్ఘాతం

ఒక ఫొటోలోని వీధికి మరొక ఫొటోలోని ఆకాశాన్ని, వేరేచోట తీసిన మనుషులను చేర్చి ఒకే దృశ్యంగా కూర్చితే అది సంయోజిత చిత్రం అవుతుంది. సినిమా నేపథ్యాలకు, ప్రకటనలకు, పుస్తకాల ముఖచిత్రాలకు ఇటువంటి చిత్రాలు అవసరమవుతాయి. వీధి తెలుగు ఊరిదని తెలియడానికి ముఖ్యమైన ఆనవాలు దుకాణాల మీది రాత. వెలుగునీడలు ఎంత సహజంగా కుదిరినా, బోర్డు మీద ‘లక్ష్మీ’ అని ఉండవలసిన చోట ‘లక్‌ష్‌మీ’ అని ఉంటే తెలుగు చదివేవారి చూపు అక్కడే ఆగిపోతుంది.

ఈ తప్పు సాధారణంగా చివరిదశలో బయటపడుతుంది. అప్పటికి రాత పిక్సెళ్లుగా మారి, వాలు, నీడ, మసక అన్నీ అద్దుకొని ఉంటుంది. దిద్దాలంటే మళ్లీ మొదటి నుంచి చేయవలసిందే. అందువల్ల దోషం ఏ దశలో పుడుతుందో ముందుగా తెలుసుకోవాలి.

2. నిల్వ ఉండే క్రమం, కనిపించే క్రమం

యూనికోడ్‌లో తెలుగు లిపికి U+0C00 నుంచి U+0C7F వరకు స్థానాలు కేటాయించారు. ఇందులో వత్తులకు విడి సంకేతాలు లేవు. హల్లు, పొల్లు, మరొక హల్లు వరుసగా వస్తే రెండో హల్లు వత్తుగా మారాలన్నది నియమం. ‘శ్రీ’ అనే ఒక్క అక్షరం కంప్యూటర్‌లో నాలుగు సంకేతాలుగా ఉంటుంది: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఇది ఉచ్చారణ క్రమం. కంటికి కనిపించే క్రమం వేరు. చివర నిల్వ ఉన్న గుడిదీర్ఘం మొదటి హల్లైన ‘శ’ తలకట్టు స్థానంలోకి వస్తుంది. ‘ర’ తన రూపం వదిలి క్రావడిగా కిందికి చేరుతుంది. పొల్లు కనిపించకుండా పోతుంది.

‘లక్ష్మీ’లోనూ ఇదే జరుగుతుంది. చివరి గుడిదీర్ఘం ‘మ’ను దాటి, ‘ష’ను దాటి ‘క’ మీదికి చేరుతుంది. ఈ మార్పును చేసేది ఫాంట్‌లోని నియమాలను చదివి అమలుచేసే షేపింగ్ ఇంజన్. అది పనిచేయకపోతే ఒక్కొక్క సంకేతానికి ఒక్కొక్క బొమ్మ వరుసగా పడుతుంది. తలకట్టు తొలగకుండానే పొల్లు వచ్చి పడుతుంది, గుడిదీర్ఘం చివరి హల్లు దగ్గరే ఉండిపోతుంది. ఫలితం ‘శ్‌రీ లక్‌ష్‌మీ’. పాఠం సరిగ్గానే ఉన్నా రూపం చెదిరిపోయింది.

3. దోషాన్ని బట్టి కారణాన్ని గుర్తించడం

చెదిరిన రాతలన్నీ ఒకే రకం కావు. కనిపించే లక్షణాన్ని బట్టి కారణాన్ని నిర్ధారించవచ్చు.

అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు వస్తే ఎంచుకున్న ఫాంట్‌లో తెలుగు లేదని అర్థం. `à°` అనే జంట పదేపదే కనిపిస్తే పాఠాన్ని తప్పు సంకేతపద్ధతిలో చదివినట్లు. UTF-8లో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లుగా ఉంటుంది. వాటిని పాశ్చాత్య లిపుల పద్ధతిలో చదివితే ‘శ’ అనేది `à°¶` అవుతుంది. రోమన్ అక్షరాలు, చిహ్నాలు కలగాపులగంగా వస్తే ఆ పాఠం అను వంటి పాత ఫాంట్ల కోసం టైపు చేసినది కావచ్చు. అటువంటి ఫాంట్లలో తెలుగు రూపాలు రోమన్ స్థానాలలో ఉంటాయి. ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా మళ్లీ టైపు చేయాలి.

అక్షరాలన్నీ తెలుగే అయి, వత్తు రావలసిన చోట పొల్లు కనిపిస్తే అది షేపింగ్ లోపం. చుక్కల వలయం మీద గుణింతపు గుర్తు కనిపిస్తే ఆ గుర్తు తన హల్లు నుంచి విడిపోయింది. బోర్డు మీద పేరును నిలువుగా పేర్చినప్పుడు ఇది ఎక్కువగా జరుగుతుంది. ‘లక్ష్మీ’ని నిలువుగా రాస్తే పైన ‘ల’, కింద ‘క్ష్మీ’ అని రెండు వరుసలే రావాలి. సాఫ్ట్‌వేర్ దానిని ఏడు సంకేతాలుగా విడగొడితే ఏడు వరుసలు పడతాయి. కనుక నిలువు బోర్డుకు అక్షర విభజన చేతితోనే చేయడం మేలు.

ఇక నాలుగో రకం దోషం తప్పులాగా కనిపించదు. ‘హార్డ్‌వేర్’లో ‘డ్’ తర్వాత కనిపించని విభాజకం ఒకటి ఉంటుంది. దాని సంకేతం U+200C. పొల్లును పొల్లుగానే ఉంచి, తర్వాతి ‘వ’ను వత్తుగా మారకుండా ఆపడం దాని పని. పాఠాన్ని ఒకచోట నుంచి మరొకచోటికి అతికించేటప్పుడు, కనిపించని గుర్తులను తొలగించే పరికరాల గుండా పోయేటప్పుడు అది జారిపోతే ‘హార్డ్వేర్’ మిగులుతుంది. షేపింగ్ ఇంజన్ తన పని సక్రమంగానే చేసింది, కాని ‘ర’ కింద రెండు వత్తులు చేరి పేరు మారిపోయింది.

4. ఉదాహరణ: ఒక బోర్డు నిర్మాణం

ఫొటోలో ఖాళీ బోర్డు ఒకటి ఉందనుకుందాం. వీధి లోపలికి సాగుతున్నందువల్ల దాని ఎడమ అంచు 180 పిక్సెళ్ల ఎత్తు, కుడి అంచు 120 పిక్సెళ్ల ఎత్తు ఉన్నాయి. వెడల్పు 800 పిక్సెళ్లు. మొదటి నియమం, ఫొటో మీద నేరుగా టైపు చేయకూడదు. రాతను విడిగా, చదునుగా, కావలసినదాని కంటే పెద్ద పరిమాణంలో, పారదర్శక నేపథ్యం మీద తయారుచేసి, సరిచూసుకున్న తర్వాతనే ఫొటోలోకి తీసుకురావాలి.

గింప్‌లో పాఠం పాంగో, హార్ఫ్‌బజ్ అనే గ్రంథాలయాల ద్వారా రూపొందుతుంది. కనుక యూనికోడ్ తెలుగు ఫాంట్ ఎంచుకుంటే వత్తులు సరిగ్గా వస్తాయి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే `World-Ready Layout` అనే ఎంపిక అమలులో ఉన్నదో లేదో చూసుకోవాలి. అనేక బోర్డులు తయారుచేయవలసి వస్తే పైథాన్‌లోని పిల్లో గ్రంథాలయం అనుకూలం. అందులో రాత పరచడానికి రెండు విధానాలున్నాయి. ప్రాథమిక విధానానికి షేపింగ్ తెలియదు. రాఖ్మ్ విధానం హార్ఫ్‌బజ్‌ను వాడుకుంటుంది.

```python
from PIL import Image, ImageDraw, ImageFont, features

print(features.check("raqm"))
s = "శ్రీ లక్ష్మీ హార్డ్\u200cవేర్"
print(len(s))
f = ImageFont.truetype("NotoSansTelugu-Bold.ttf", 240,
        layout_engine=ImageFont.Layout.RAQM)
l, t, r, b = f.getbbox(s, language="te")
m = 40
im = Image.new("RGBA", (int(r-l)+2*m, int(b-t)+2*m), (0, 0, 0, 0))
ImageDraw.Draw(im).text((m-l, m-t), s, font=f,
        fill=(190, 20, 20, 255), language="te")
im.save("board.png")
```

మొదటి `print` ఫలితం `True` రావాలి. `False` వస్తే ఆ కంప్యూటర్‌లో రాఖ్మ్ అందుబాటులో లేదు. `language="te"` అని చెప్పడంలో మరొక ప్రయోజనం ఉంది. రాఖ్మ్ లేనప్పుడు ప్రోగ్రాం చెదిరిన బొమ్మను గుట్టుగా తయారుచేయకుండా, లోపం చూపి ఆగిపోతుంది. రెండో `print` ఫలితం `24` రావాలి. ‘శ్రీ’కి నాలుగు, ‘లక్ష్మీ’కి ఏడు, ‘హార్డ్‌వేర్’కు పదకొండు, మధ్య ఖాళీలు రెండు. 23 వస్తే ముందుగా అనుమానించవలసింది విభాజకాన్నే. అది కంటికి కనిపించదు కనుక, కోడ్‌లో దానిని `\u200c` అని బాహాటంగా రాయడం క్షేమకరం.

బొమ్మ కొలతను ముందుగా ఊహించకుండా `getbbox` ద్వారా తీసుకోవడానికి కారణం వత్తులే. రోమన్ లిపి కొలతలతో గీసిన పెట్టెలో ‘క్ష్మీ’ కింది వత్తులు కోతపడే ప్రమాదం ఉంది. పైన గుడిదీర్ఘానికి, కింద వత్తులకు చోటిచ్చి, నాలుగు వైపులా కొంత అంచు వదలాలి. అక్షరాల మధ్య ఎడం పెంచడం కూడా తగదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ ఎడాన్ని అక్షరానికీ దాని వత్తుకూ మధ్య కూడా చొప్పిస్తాయి.

5. ఫొటోలోకి చేర్చడం, చివరి పరీక్ష

చదునైన బొమ్మను సరిచూసిన తర్వాత దాని నాలుగు మూలలను బోర్డు కొలతకు తగినట్లు దృక్కోణ పరికరంతో లాగాలి. రాత మొత్తాన్ని ఒకే బొమ్మగా లాగితే వత్తు తన అక్షరంతో పాటే వాలుతుంది. ఆ తర్వాతనే బోర్డు మీది నీడను, ధూళిని రాత మీదికి తేవాలి. ఫొటోలో ఆ దూరానికి ఉన్న మసకను, రేణువులను చివరగా కలపాలి. రంగు, నీడ ముందుగా అద్ది, తర్వాత వాలు మార్చితే మసక కూడా సాగి కృత్రిమంగా కనిపిస్తుంది.

ఈ ఉదాహరణలో కుడి అంచు ఎత్తు ఎడమ అంచులో మూడింట రెండు వంతులే. అంటే కుడి చివరి ‘వేర్’ ఎడమ చివరి ‘శ్రీ’ కంటే దాదాపు ఆ నిష్పత్తిలో చిన్నదవుతుంది. దాని పక్కనే ఉన్న ‘ర్డ్’లో పొల్లు ‘ర’ మీద, ‘డ’ వత్తు కింద ఉంటాయి. వత్తు అసలు అక్షరం కంటే చిన్నది కనుక, కుదించినప్పుడు మొదట అలుక్కుపోయేది అదే. పాఠకుడికి స్పష్టత ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ‘శ్రీ’ని చూడడం చాలదు, ‘ర్డ్’ను చూడాలి. అక్కడ వత్తు మచ్చగా మారితే బోర్డు మీద రాత ఎత్తు పెంచాలి, లేదా గీత మందం తక్కువగా ఉన్న ఫాంట్ తీసుకోవాలి. మందమైన ఫాంట్‌లో వత్తుల లోపలి ఖాళీలు త్వరగా పూడుకుపోతాయి. ద, ధ వంటి జంటలు ఉన్న పేరులో అడుగున ఉండే చిన్న గీతకూ ఇదే ప్రమాదం ఉంది.

పేరు ముందే తెలిసినవాడు లేని వత్తును కూడా ఊహించుకొని చదువుతాడు. అందువల్ల పూర్తయిన చిత్రాన్ని, తుది ప్రచురణ పరిమాణంలో, ఆ పేరు తెలియని తెలుగు పాఠకుడికి చూపి కాగితం మీద రాయించాలి. అతడు ‘హార్డ్‌వేర్’ అని రాస్తే రాత నిలిచింది. ‘హార్వేర్’ అని రాస్తే వత్తు ఎక్కడో పోయింది.

6. ముగింపు

నామఫలకం మీది రాత రెండు జీవితాలు గడుపుతుంది. మొదట అది సంకేతాల వరుస, తర్వాత పిక్సెళ్ల బొమ్మ. వత్తు విడిపోవడం, గుణింతం స్థానం తప్పడం, విభాజకం జారిపోవడం మొదటి జీవితంలోని దోషాలు. కోతపడడం, అలుక్కుపోవడం రెండో జీవితంలోనివి. మొదటి రకాన్ని బ్రష్‌తో దిద్దబోతే సమయం వృథా అవుతుంది. రెండో రకానికి ఫాంట్ మార్చి మార్చి చూసినా, రాత పరిమాణం చాలనప్పుడు ఫలితం ఉండదు. బొమ్మగా మారే ముందు ఒకసారి, ఫొటోలో కలిసిన తర్వాత మరొకసారి పేరును అక్షరం వెంట అక్షరం చదివితే ఈ రెండు రకాలూ వాటి వాటి దశల్లోనే పట్టుబడతాయి.