బాకీ వయసెంత?

విజయవాడలో ఆఫీసులకు హౌస్‌కీపింగ్ సిబ్బందిని పంపే ఓ భాగస్వామ్య సంస్థ ఉందనుకుందాం. ప్రతి నెలా 1న బిల్లు, 30 రోజుల గడువు. సెప్టెంబర్ 30న లెక్క చూస్తే ఒక ఆసుపత్రి, ఒక కాలేజీ చెరో లక్ష బాకీ. లెడ్జర్‌లో ఇద్దరూ ఒకటే. ఏజింగ్ రిపోర్టు ఆ లక్షను బిల్లులవారీగా విడదీసి, ఏది గడువు దాటి ఎన్నాళ్లయిందో చూపిస్తుంది.

కాలేజీది ఆగస్టు బిల్లు 50 వేలు, గడువు దాటి 30 రోజులు. సెప్టెంబర్‌ది ఇంకా గడువులోనే ఉంది. ఒక ఫోన్ చాలు. ఆసుపత్రి జులై, ఆగస్టు బిల్లులు కట్టేసింది, కానీ జూన్‌ది 91 రోజులుగా ఆగింది. డబ్బు లేక కాదన్నమాట. హాజరు పట్టీ మీద సంతకం లేకనో, బిల్లే అందకనో ఆగి ఉంటుంది. అక్కడ బతిమాలడం దండగ, కాగితం వెతకాలి.

పాత గడుల్లో నెలకో వెయ్యి చొప్పున చిల్లర పేరుకుంటే అది బాకీ కాకపోవచ్చు. 50 వేల మీద 2 శాతం టీడీఎస్ కోసుకుని 49 వేలే పంపి ఉంటారు. వార్షిక పన్ను స్టేట్‌మెంట్‌లో సరిచూసుకుని ఆ మొత్తాన్ని టీడీఎస్ ఖాతాకు మార్చాలి.

వచ్చిన సొమ్మును ఏ బిల్లుకో చెప్పకుండా 'ఆన్ అకౌంట్' అని రాసేస్తే మాత్రం ఈ రిపోర్టు అబద్ధమాడుతుంది: కట్టేసిన బిల్లు కూడా ముసలిదైపోతూ కనిపిస్తుంది.