సూచీ మొదటికే వచ్చినా ఫండ్ ఎందుకు తరిగిపోతుంది?

లివరేజ్డ్ ఈటీఎఫ్ అంటే ఒక సూచీ ఒక రోజులో ఎంత శాతం కదిలితే దానికి రెండింతలో మూడింతలో కదిలేలా నడిపే ఫండ్. ఎస్ అండ్ పీ 500 సూచీ ఈ రోజు ఒక శాతం పెరిగితే రెండింతల ఫండు రెండు శాతం పెరగాలి, ఒక శాతం తగ్గితే రెండు శాతం తగ్గాలి. సూచీకి ఎదురుగా నడిచే ఇన్వర్స్ ఫండ్లూ ఇదే కుటుంబానివి. సూచీ పడిన రోజు అవి పెరుగుతాయి. అమెరికాలో ప్రోషేర్స్ సంస్థ 2006లో రెండింతల ఈటీఎఫ్‌లను మొదలుపెట్టింది. 2008 నవంబరులో డైరెక్సియన్ సంస్థ మూడింతలవి తెచ్చింది. భారతదేశంలో మ్యూచువల్ ఫండ్ల పెట్టుబడులు, డెరివేటివ్ పొజిషన్లు అన్నీ కలిపినా ఫండు నికర ఆస్తులను మించరాదని సెబీ నిబంధన ఉంది కాబట్టి ఇలాంటి ఫండ్లకు ఇక్కడ చోటు లేదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు మాత్రం మామూలు బ్రోకరేజీ ఖాతాలోనే, పదవీ విరమణ కోసం దాచుకునే ఖాతాలో సైతం, వీటిని మామూలు షేరులా కొనుక్కోవచ్చు.

ఈ ఫండ్ల వాగ్దానంలో అసలు కీలకం ‘ఒక రోజులో’ అన్న మాట. ఏడాదిలో సూచీ ఎంత పెరిగితే దానికి రెండింతలు ఇస్తామని ఏ ఫండూ చెప్పదు. సూచీ ఏడాదంతా ఎగిరిపడి చివరికి మొదలైన చోటికే వచ్చి ఆగితే, సున్నాకు రెండింతలు సున్నాయే కదా, డబ్బు ఉన్నంత ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. ఎందుకు ఉండదో తెలియాలంటే మార్కెట్ ముగిసే వేళకు ఫండ్ నిర్వాహకులు ఏం చేస్తారో చూడాలి.

ఒక రెండింతల ఫండులో మదుపరుల డబ్బు 100 కోట్ల డాలర్లు ఉందనుకుందాం. సూచీకి రెండింతలు కదలాలంటే అది మార్కెట్లో 200 కోట్ల విలువైన పొజిషన్ పట్టుకోవాలి. దీనికోసం బ్యాంకులతో స్వాప్ ఒప్పందాలు చేసుకుంటుంది, ఫ్యూచర్స్ కొంటుంది. తేలిగ్గా చెప్పాలంటే 100 కోట్లు సొంతవి, మరో 100 కోట్లు అప్పు. సూచీ మొదటి రోజు 100 నుంచి 110కి పెరిగింది, అంటే 10 శాతం. 200 కోట్ల పొజిషన్ 220 కోట్లయింది. లాభం 20 కోట్లు కనుక మదుపరుల డబ్బు 120 కోట్లకు చేరింది. మాట నిలబెట్టుకున్నట్టే.

అయితే మర్నాటికి కూడా రెండింతలు కావాలి. 120 కోట్లకు రెండింతలు 240 కోట్లు, చేతిలో ఉన్నది 220 కోట్లే. కాబట్టి ఆ సాయంత్రం మార్కెట్ మూతపడే లోపు ఫండు మరో 20 కోట్ల పొజిషన్ కొంటుంది. రోజువారీ రీసెట్ అనేది దీన్నే. ఇక్కడ గమనించాల్సింది ఆ కొనుగోలు జరిగిన ధర: సూచీ 110 దగ్గర ఉన్నప్పుడు.

రెండో రోజు సూచీ 110 నుంచి తిరిగి 100కు పడింది. ఇది 10 శాతం కాదు, 9.09 శాతం పతనం. 240 కోట్ల మీద 9.09 శాతమంటే 21.82 కోట్లు పోయినట్టు. మదుపరుల చేతిలో మిగిలింది 98.18 కోట్లు. సూచీ బయల్దేరిన చోటే ఉంది, ఫండు మాత్రం 1.82 కోట్లు తక్కువ పడింది.

ఈ 1.82 కోట్లు ఎక్కడ పోయాయో ఇదమిత్థంగా చెప్పవచ్చు. మొదట ఉన్న 200 కోట్ల పొజిషన్ 220కి ఎక్కి తిరిగి 200కు వచ్చింది, దానివల్ల పోయిందేమీ లేదు. సూచీ 110 దగ్గర ఉన్నప్పుడు కొన్న 20 కోట్ల అదనపు పొజిషన్ ఉందే, అది 9.09 శాతం పడి 18.18 కోట్లయింది. తేడా సరిగ్గా 1.82 కోట్లు. ఎక్కడా దాగిన రుసుము లేదు, మోసం లేదు. పెరిగాక కొనడం, తగ్గాక అమ్మడం అన్న క్రమమే నష్టానికి మూలం. రెండో సాయంత్రం ఆ అమ్మకమూ జరుగుతుంది. 98.18 కోట్లకు 196.36 కోట్ల పొజిషన్ చాలు, చేతిలో ఉన్నది 218.18 కోట్లు. ఎక్కువైన 21.82 కోట్లను ఫండు సూచీ 100 దగ్గర ఉండగా వదిలించుకుంటుంది. సూచీ ముందు పడి తర్వాత లేచినా ఫలితం మారదు. 90.91కి పడి తిరిగి 100కు వస్తే ఫండు 81.82కు దిగి, 20 శాతం పెరిగి, అదే 98.18 దగ్గర ఆగుతుంది.

మరి ఇంత తెలిసీ రోజూ సరిచేయడం ఎందుకు? చేయకపోతే ఫండు చెప్పిన గుణకం నిలబడదు. సూచీ 10 శాతం పెరిగాక రీసెట్ లేకుంటే 120 కోట్లకు 220 కోట్ల పొజిషన్ ఉంటుంది, అంటే 1.83 రెట్లు మాత్రమే. ఆ రోజు కొత్తగా కొన్నవారికి ఫండు పేరు మీదున్న రెండింతలు దక్కవు. సూచీ పడితే ఇంకా చిక్కు. 10 శాతం పతనం తర్వాత 80 కోట్లకు 180 కోట్ల పొజిషన్ మిగులుతుంది, అంటే 2.25 రెట్లు. అలా పడుతున్న కొద్దీ అప్పు భారం పెరిగి, సూచీ సగమయ్యేసరికి ఫండులో ఏమీ మిగలదు. రోజువారీ రీసెట్ ఆ ప్రమాదాన్ని తప్పిస్తుంది. పడుతున్నప్పుడు పొజిషన్ తగ్గించుకుంటూ పోతుంది కాబట్టి సూచీ మెల్లగా సగానికి దిగినా రెండింతల ఫండు సున్నా కాదు. ఆ రక్షణకు మదుపరి చెల్లించే మూల్యమే ఈ తరుగు అని చెప్పడం న్యాయం.

గుణకం పెరిగితే తరుగు అంతకంటే వేగంగా పెరుగుతుంది. పై రెండు రోజులే మూడింతల ఫండుకు వర్తింపజేస్తే 100 ముందు 130 అవుతుంది, తర్వాత 27.27 శాతం పడి 94.55కు వస్తుంది. 1.82 ఉన్న నష్టం 5.45 అయింది. గుణకం రెండు నుంచి మూడుకు మారితే తరుగు మూడు రెట్లయిందన్నమాట. ఇన్వర్స్ ఫండ్లలో ఇది మరింత తీవ్రం. అప్పే లేకుండా సూచీకి ఒక్కింత ఎదురుగా నడిచే ఫండు 100 నుంచి 90కి దిగి, 9.09 శాతం పెరిగి 98.18 అవుతుంది. అంటే దాని తరుగు రెండింతల ఫండుతో సమానం. రెండింతలు ఎదురుగా నడిచే ఫండు 94.55కు, అంటే మూడింతల ఫండు స్థాయికే పడిపోతుంది.

ఇంతకన్నా పెద్ద విషయం ఒడిదొడుకుల తీవ్రత. సూచీ సగటున రోజుకు ఒక శాతం చొప్పున ఎగిరిపడుతూ, 252 ట్రేడింగ్ రోజుల తర్వాత మొదటికే వచ్చిందనుకుందాం. రెండింతల ఫండు సుమారు 2.5 శాతం, మూడింతలది సుమారు 7 శాతం పోగొట్టుకుంటాయి. అదే రోజుకు రెండు శాతం కదిలితే ఆ నష్టాలు 10 శాతానికీ 26 శాతానికీ చేరతాయి. కదలిక రెట్టింపైతే తరుగు దాదాపు నాలుగింతలు. అందుకే ప్రశాంతమైన ఏడాదిలో కంటికి కనిపించని తరుగు సంక్షోభ సమయంలో అసలునే తినేస్తుంది. ఇవి ఖర్చులు కలపని లెక్కలు. ఏటా ఒక శాతానికి దగ్గరగా ఉండే నిర్వహణ రుసుములు, తెచ్చిన సొమ్ము మీద వడ్డీ వేరే.

అయితే రీసెట్ ఎప్పుడూ నష్టమే చేస్తుందనుకోవడం పొరపాటు. సూచీ వెనక్కి తిరగకుండా వరుసగా మూడు రోజులు 10 శాతం చొప్పున పెరిగితే 133.1 అవుతుంది. 33.1కి రెండింతలు 66.2, కానీ రెండింతల ఫండు 72.8 శాతం లాభం ఇస్తుంది. పెరిగాక కొన్న అదనపు పొజిషన్ మర్నాడూ పెరిగిందిగా! వరుసగా మూడు రోజులు 10 శాతం చొప్పున పడితే సూచీ నష్టం 27.1 శాతం, ఫండు నష్టం దానికి రెండింతలైన 54.2 కాదు, 48.8 మాత్రమే. ఒకే దిశలో సాగే మార్కెట్లో రీసెట్ మేలు చేస్తుంది, ముందుకూ వెనక్కూ ఊగే మార్కెట్లో కోత పెడుతుంది. సూచీ చివరికి ఎక్కడ ఆగిందన్నది సగం సమాచారమే, ఏ దారిన అక్కడికి చేరిందన్నది మిగతా సగం.

కాగితం మీది ఈ లెక్క నిజమైన డబ్బుతో రుజువైన కాలం 2008-09. మదుపరులను హెచ్చరిస్తూ అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్, ఫిన్రా 2009 ఆగస్టులో ఇచ్చిన ప్రకటనలో 2008 డిసెంబరు 1 నుంచి 2009 ఏప్రిల్ 30 వరకు జరిగింది చెప్పాయి. ఆ అయిదు నెలల్లో ఒక చమురు, గ్యాస్ కంపెనీల సూచీ 2 శాతం పెరిగింది. దానికి రెండింతలు పెరగాల్సిన ఫండు 6 శాతం పడింది, రెండింతలు ఎదురుగా నడిచేది సుమారు 25 శాతం పడింది. ఆర్థిక సేవల కంపెనీల సూచీ సుమారు 8 శాతం పెరగగా దాని మూడింతల ఫండు 53 శాతం నష్టపోయింది, మూడింతలు ఎదురుగా నడిచే ఫండు ఏకంగా 90 శాతం పోగొట్టుకుంది. సూచీ పెరుగుతుందన్న పక్షమూ ఓడింది, పడుతుందన్న పక్షమూ ఓడింది. బ్యాంకు షేర్లు రోజుకో దిక్కుకు పరుగెత్తిన ఆ నెలల్లో ఎంత ఊగిసలాట ఉందో ఈ జంట నష్టాలే చెబుతాయి.

దగ్గరి కాలంలో నాస్‌డాక్-100 సూచీకి మూడింతలు కదిలే TQQQ ఇంకో ఉదాహరణ. 2022లో సూచీ సుమారు 33 శాతం పడితే ఈ ఫండు సుమారు 79 శాతం పడింది. 2021 నవంబరు నాటి శిఖరాన్ని సూచీ 2023 డిసెంబరులో తిరిగి దాటింది. అదే రోజుల్లో TQQQ ధర తన పాత శిఖరానికి ఇంకా 40 శాతానికి పైగా కిందే ఉంది. ఆ రెండేళ్లలో అమెరికాలో వడ్డీ రేట్లు బాగా పెరిగాయి కనుక అందులో కొంత భాగం అప్పు ఖర్చు, మిగిలింది చాలావరకు రీసెట్ తరుగు.

కొనబోయేవారు ఈ తరుగును ముందే అంచనా వేసుకునే వీలుంది. అమెరికాలో ఈ ఫండ్ల ప్రాస్పెక్టస్‌లో ఒక పట్టిక ఉంటుంది. ఒక పక్క సూచీ ఏడాది రాబడి, ఇంకో పక్క దాని వార్షిక ఒడిదొడుకుల శాతం ఇచ్చి, రెండూ కలిసే గడిలో ఫండుకు రాగల ఫలితాన్ని చూపిస్తారు. చూడాల్సింది సూచీ రాబడి సున్నా ఉన్న వరుసను. ఒడిదొడుకులు 25 శాతం ఉంటే రెండింతల ఫండుకు ఆ గడిలో సుమారు 6 శాతం నష్టం, మూడింతల దానికి 17 శాతం నష్టం కనిపిస్తుంది. ఒడిదొడుకులు 50 శాతమైతే అవి 22కూ 53కూ పెరుగుతాయి. ఒకే ఒక టెక్ షేరు మీద నడిచే లివరేజ్డ్ ఫండ్లు ఇటీవల వచ్చాయి. విడి షేర్లలో ఒడిదొడుకులు 50 శాతం ఉండడం అరుదేమీ కాదు కాబట్టి, అలాంటి ఫండు కొనేవారు చదవాల్సింది పట్టికలోని ఆ చివరి గడులనే.