రెండు బిస్కెట్లంటే ఎన్ని గ్రాములు?

బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూస్తే పోషకాల పట్టిక ఉంటుంది. అందులో అంకెలు 100 గ్రాముల లెక్కన ఉంటాయి, లేదంటే ఒక సర్వింగ్ లెక్కన ఉంటాయి. మనం మాత్రం గ్రాముల్లో తినం. పొద్దున టీతో రెండు, సాయంత్రం ఇంకో రెండు, మధ్యలో పిల్లలకు ఇస్తూ ఒకటి నోట్లో వేసుకోవడం, ఇదీ మన లెక్క. అందుకే షుగర్ ఉన్నవాళ్లు 'ఒక బిస్కెట్‌లో చక్కెర ఎంత?' అని వెతికితే పట్టికలో నేరుగా జవాబు దొరకదు. దొరికిందనుకున్న జవాబు కూడా చాలాసార్లు తక్కువగా ఉంటుంది.

దీనికి కారణం సర్వింగ్ అనే మాటే. మన దేశంలో ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో తెచ్చిన లేబుల్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద 100 గ్రాములకు పోషకాల విలువలు వేయాలి. దాంతోపాటు ఒక సర్వింగ్ తింటే రోజువారీ అవసరంలో ఎంత శాతం అవుతుందో చూపాలి. ఆ శాతాలకు 2000 క్యాలరీల ఆహారాన్ని ఆధారంగా తీసుకుంటారు. అదనంగా కలిపిన చక్కెరకు 50 గ్రాములు, సంతృప్త కొవ్వుకు 22 గ్రాములు, సోడియానికి 2000 మిల్లీగ్రాములు అని లెక్క. సర్వింగ్ ఎన్ని గ్రాములో మాత్రం తయారీదారే వేసుకుంటాడు. అది 15 గ్రాములు కావచ్చు, 20 కావచ్చు, 30 కావచ్చు. కొందరు పక్కనే 'సుమారు ఇన్ని బిస్కెట్లు' అని రాస్తారు, కొందరు రాయరు. రాయనప్పుడు, సర్వింగ్ అంటే మనం మామూలుగా తినే రెండు బిస్కెట్లే అని అనుకుంటాం. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

పదింటిని కలిపి తూచండి

లెక్క చిన్నదే. 100 గ్రాముల వరుసలో ఉన్న అంకెను బిస్కెట్ బరువుతో గుణించి వందతో భాగిస్తే ఒక బిస్కెట్ విలువ వస్తుంది. సర్వింగ్ వరుస జోలికి వెళ్లనక్కర్లేదు. అందులోని అంకెలు చిన్నవి కాబట్టి వాటిని సవరించి వేసినప్పుడు వచ్చే తేడా దామాషాలో పెద్దది. 100 గ్రాముల వరుసలో ఆ తేడా అంతగా తగలదు.

ఇక తెలియాల్సింది బిస్కెట్ బరువు. వంటింట్లో వాడే డిజిటల్ కాటాలు చాలావరకు ఒక గ్రాము తేడాతో చూపిస్తాయి. పల్చటి మేరీ బిస్కెట్ ఒక్కదాన్ని పెడితే 6 అని వస్తుంది. అసలు బరువు ఐదున్నర కావచ్చు, ఆరున్నరకు దగ్గరగా ఉండొచ్చు. అంత చిన్న వస్తువు మీద అర గ్రాము అంటే నూటికి ఎనిమిది పైచిలుకు తేడా. అదే పది బిస్కెట్లు కలిపి పెడితే 57 అని వచ్చిందనుకోండి, ఒక్కోటి 5.7 గ్రాములు. కాటా పాతదే అయినా తేడా పదింటి మీదా పంచుకుపోతుంది. పైగా బిస్కెట్లన్నీ ఒకే బరువు ఉండవు. ఒకటి అంచు విరిగి ఉంటుంది, ఇంకోటి కాస్త మందంగా ఉంటుంది. పదింటి సగటు తీస్తే ఆ హెచ్చుతగ్గులూ సర్దుకుంటాయి. ముందు ఖాళీ గిన్నె పెట్టి, కాటాను సున్నాకు తెచ్చి, తర్వాత బిస్కెట్లు వేయాలి.

కాటా లేకపోతే ప్యాకెట్ మీది నికర బరువును లోపలున్న బిస్కెట్ల సంఖ్యతో భాగించవచ్చు. నికర బరువులో పైకాగితం, లోపలి ట్రే కలవవు కాబట్టి అది నేరుగా పనికొస్తుంది. రెండు చోట్ల జాగ్రత్తగా ఉండాలి. పెద్ద పెట్టెలో చిన్న ప్యాకెట్లు ఉంటే పెట్టె మీది బరువు మొత్తానిది. '20 శాతం అదనం' అని రాసి ఉంటే, ముద్రించిన బరువులో ఆ అదనం కలిసి ఉందో లేదో చదివి చూసుకోవాలి.

ఒక ప్యాకెట్ లెక్క చేసి చూద్దాం

లెక్క కోసం ఉస్మానియా తరహా టీ బిస్కెట్ల ప్యాకెట్ ఒకటి ఊహించుకుందాం. నికర బరువు 200 గ్రాములు. 100 గ్రాములకు 477 క్యాలరీలు, కలిపిన చక్కెర 22 గ్రాములు, సంతృప్త కొవ్వు 9 గ్రాములు. సర్వింగ్ 20 గ్రాములు, ఎన్ని బిస్కెట్లో రాయలేదు. పక్కన శాతాల వరుసలో కలిపిన చక్కెరకు 9 శాతం అని ఉంది. 20 గ్రాముల్లో 4.4 గ్రాముల చక్కెర ఉంటుంది, 50 గ్రాముల్లో అది దాదాపు 9 శాతమే. లేబుల్‌లో తప్పేమీ లేదు.

ఇప్పుడు పది బిస్కెట్లు తూస్తే 142 గ్రాములు వచ్చింది. అంటే ఒక్కోటి 14.2 గ్రాములు. ప్యాకెట్‌లో 14 బిస్కెట్లున్నాయి, 200ను 14తో భాగించినా 14.3 వస్తుంది. రెండు దారుల్లోనూ దాదాపు ఒకే అంకె వచ్చింది కాబట్టి తూకం నమ్మవచ్చు.

ఒక బిస్కెట్‌కు 477ను 14.2తో గుణించి వందతో భాగిస్తే 68 క్యాలరీలు. చక్కెర 3.1 గ్రాములు. సంతృప్త కొవ్వు 1.3 గ్రాములు. టీతో రెండు తిన్నవాడు 20 గ్రాములు తినలేదు, 28 గ్రాములు పైనే తిన్నాడు. లేబుల్ చూసి 95 క్యాలరీలు అనుకున్నది నిజానికి 135. పొద్దున రెండు, సాయంత్రం రెండు తింటే కలిపిన చక్కెర 12.5 గ్రాములు, అంటే 50 గ్రాముల లెక్కలో పావు వంతు. సర్వింగ్ అంటే రెండు బిస్కెట్లే అనుకున్నవాడి మనసులో అది 18 శాతమే. టీలో వేసుకున్న పంచదార ఇంకా కలపలేదు.

లేబుల్‌లో 'మొత్తం చక్కెర' అని, 'కలిపిన చక్కెర' అని రెండు వరుసలు ఉంటాయి. రెండూ పిండి పదార్థాల అంకెలో భాగమే. పిండి పదార్థాలు 70, చక్కెర 24 అని ఉంటే రెంటినీ కూడి 94 అనుకోకూడదు. ఆ 24 గ్రాములు 70 లోపలివే.

బ్రెడ్ దగ్గర నీళ్ల సంగతి

బ్రెడ్‌కు కూడా లెక్క ఇదే, కానీ అక్కడ కొత్త చిక్కు ఉంది. బ్రెడ్‌లో నీళ్లు ఎక్కువ. 30 గ్రాముల ముక్కను టోస్ట్ చేస్తే కొంత నీరు ఆవిరై 26 గ్రాములకు దిగుతుంది. పోయింది నీరే. లేబుల్ 100 గ్రాములకు 50 గ్రాముల పిండి పదార్థాలు అంటే ఆ ముక్కలో 15 గ్రాములున్నాయి. టోస్ట్ చేశాకా అవి 15 గ్రాములే. కాల్చిన ముక్కను తూచి 26ను లేబుల్ అంకెతో గుణిస్తే 13 వస్తుంది, అది తప్పు. లేబుల్ ఏ స్థితిలో ఉన్న వస్తువుకు రాశారో ఆ స్థితిలోనే తూచాలి. అంటే టోస్టర్‌లో పెట్టకముందే. మూత సరిగ్గా పెట్టక మూడు రోజులు ఎండిన బన్నుకూ ఇదే వర్తిస్తుంది.

ముక్కల్లో తేడా కూడా బ్రెడ్‌లోనే ఎక్కువ. 400 గ్రాముల బ్రెడ్‌లో 16 ముక్కలుంటే సగటు 25 గ్రాములు. చివరి రెండు పల్చటి ముక్కలు తక్కువ తూగుతాయి కాబట్టి మధ్యవి సగటు కన్నా కొంచెం బరువే. శాండ్‌విచ్ కోసం అమ్మే పెద్ద ముక్క 38 గ్రాములు తూగిందనుకుందాం. 50 శాతం పిండి పదార్థాల లెక్కన చిన్న ముక్కలు రెండైతే 25 గ్రాములు, పెద్దవి రెండైతే 38 గ్రాములు. భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకునేవాళ్లలో కొందరికి డాక్టర్ 10 గ్రాముల పిండి పదార్థాలకు ఒక యూనిట్ అని చెప్పి ఉంటారు. వాళ్లకు 13 గ్రాముల తేడా అంటే ఒక యూనిట్‌కు పైమాటే. 'రెండు బ్రెడ్ ముక్కలు' అనే మాట వాళ్లకు చాలదు. ఏ బ్రెడ్, ఎంత బరువు అన్నది కావాలి.

అమెరికా లేబుల్, అద్దాల అరలో పఫ్

అమెరికాలో ఉన్న మనవాళ్ల ప్యాకెట్ల మీద సాధారణంగా 100 గ్రాముల వరుస ఉండదు. '3 కుకీలు (33 గ్రా.), 160 క్యాలరీలు' అని సర్వింగ్ విలువలే ఉంటాయి. అక్కడ ముందు గ్రాముకు ఎంతో తేల్చుకోవాలి. 160ని 33తో భాగిస్తే 4.85. కుకీ తూచితే 13 గ్రాములు ఉంటే ఒక్కోదానికి 63 క్యాలరీలు. మూడో వంతు తీసి 53 అనుకుంటే పది తగ్గినట్టే. అక్కడి నిబంధన ప్రకారం 50 దాటిన క్యాలరీలను దగ్గరి పదికి సవరిస్తారు. సర్వింగ్‌లో సంతృప్త కొవ్వు అర గ్రాము కన్నా తక్కువైతే సున్నా అని వేస్తారు. అలాంటివి మూడు సర్వింగులు తిన్నవాడికి అది సున్నా కాకపోవచ్చు.

వీధి చివర బేకరీలో అద్దాల అరలో ఉన్న ఎగ్ పఫ్‌కు, డబ్బాలోంచి తీసి తూచి ఇచ్చే బిస్కెట్లకు లేబులే ఉండదు. అదే రకం ప్యాక్ చేసిన వస్తువు లేబుల్ తీసుకుని, మన ముక్క బరువుతో లెక్క కట్టడం ఒక్కటే దారి. బిస్కెట్ల విషయంలో ఇది ఓ మోస్తరుగా పనికొస్తుంది. పఫ్ దగ్గర నమ్మకం తక్కువ, పొరల మధ్య ఎంత కొవ్వు పెట్టారన్నది బేకరీని బట్టి మారుతుంది. అక్కడ ఒక అంకె చెప్పకుండా 'ఇంత నుంచి ఇంత' అనుకోవడమే నిజాయితీ. క్రీమ్ బిస్కెట్‌లోనూ ఒక హద్దు ఉంది. లేబుల్ అంకె క్రీమూ బిస్కెట్టూ కలిపి వేసింది. క్రీమ్ నాకేసి బిస్కెట్ పక్కన పెట్టే పిల్లాడు ఎంత చక్కెర తిన్నాడో తూకంతో తేలదు. వాడు తిన్న భాగంలో చక్కెర పాలు ఎక్కువ అని మాత్రం చెప్పగలం.

లేబుల్ అంకెలు కూడా సగటులే. ఒక విడత తయారీకి, ఇంకో విడతకు కొంత తేడా ఉంటుంది. కాబట్టి బిస్కెట్‌కు 3.12 గ్రాముల చక్కెర అని దశాంశాలు పొడిగించడం వల్ల లాభం లేదు, మూడు గ్రాములంటే చాలు. ఒకసారి తూచి డబ్బా మూత మీద చిన్న కాగితం అంటించుకోండి: బిస్కెట్ 14 గ్రాములు, 68 క్యాలరీలు, చక్కెర 3. ధర పెంచకుండా బరువు తగ్గించడం, అదే పేరుతో పెద్ద సైజు తేవడం బిస్కెట్ల వ్యాపారంలో మామూలే. కొత్త ప్యాకెట్ తెచ్చినప్పుడు నికర బరువు, లోపలి సంఖ్య చూసుకుని, రెంటిలో ఏది మారినా మళ్లీ పది తూచి కాగితం మార్చాలి.