నరం ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది

వైద్యవిద్య మొదటి ఏడాదిలో డిసెక్షన్ హాల్ సమయం ఎలా గడుస్తుందో బయటివాళ్లకు పెద్దగా తెలియదు. ఒక టేబుల్, దాని మీద ఫార్మాలిన్‌తో నిలవచేసిన భౌతికకాయం, చుట్టూ పది పదిహేను మంది విద్యార్థులు. స్కాల్పెల్, ఫోర్సెప్స్ పట్టుకునేది ఇద్దరో ముగ్గురో. ఒకరు కన్నింగ్‌హామ్ మాన్యువల్ తెరిచి ఎక్కడ కోయాలో పైకి చదువుతుంటారు. మిగతావాళ్లు ముందున్నవాళ్ల భుజాల మీదుగా తొంగిచూస్తుంటారు. ట్యూటర్ వచ్చి ఫోర్సెప్స్ కొనతో ఒక తెల్లటి తీగను పైకెత్తి, ఇది మీడియన్ నెర్వ్ అంటారు. అందరూ రాసుకుంటారు. కొన్ని వారాల తర్వాత పరీక్షలో అదే నరానికి దారం కట్టి, వేరే టేబుల్ మీది చేతిలో చూపిస్తే చాలామంది తడబడతారు.

వాళ్లు చదవలేదని కాదు. వాళ్లకు గుర్తున్నది ఒక్క దృశ్యం. ఆ టేబుల్, ఆ కోణం, ట్యూటర్ పైకెత్తి పట్టుకున్న ఆ రెండంగుళాల ముక్క. అంత ముక్కను చూసి నరం పేరు చెప్పడం అనుభవజ్ఞులకూ సులువు కాదు. తూము దగ్గర నిలబడి నీళ్లను చూస్తే అది ఏ కాలువో తెలియదు, గట్టు పట్టుకుని ఎగువకు నడవాలి. డిసెక్షన్‌లో ఆ నడకనే ట్రేసింగ్ అంటారు. ఒక నరాన్నో ధమనినో మొదలు దొరికేదాకా పైకి, చివర దొరికేదాకా కిందికి వెంబడించడం. దీనికి ముందు చేయవలసిన పని ఇంకొకటుంది. కత్తి పట్టకముందే, లోపల ఏది ఎక్కడుంటుందో చర్మం మీద గుర్తించడం. అదే సర్ఫేస్ అనాటమీ. ఈ రెంటినీ జతచేస్తే రెండు గంటల క్లాసులో వెనక వరుసలో నిలబడ్డవాడికి కూడా చేతినిండా పని ఉంటుంది. చంక నుంచి మణికట్టు దాకా మీడియన్ నరం దారి తీసుకుని అదెలాగో చూద్దాం.

ముందు మన చేతితోనే మొదలుపెట్టాలి. అరచేయి పైకి తిప్పి, మోచేతిని సగం వంచి, బరువెత్తుతున్నట్టు బిగించండి. మోచేతి మడత మధ్యలో గట్టి తాడులాంటిది తగులుతుంది. అది బైసెప్స్ టెండన్, కండరాన్ని ఎముకకు కట్టే భాగం. ఇప్పుడు చేయి చాపి, ఆ టెండన్‌కు చిటికెన వేలి వైపున రెండు వేళ్లతో కాస్త లోతుగా నొక్కితే నాడి కొట్టుకుంటుంది. బ్రేకియల్ ధమని అది. బీపీ చూసేటప్పుడు స్టెతస్కోప్ పెట్టేది అక్కడే. ఆ నాడికి ఇంకాస్త లోపలి వైపున ఉంటుంది మీడియన్ నరం. వేలికి తెలియదు గానీ చోటు మాత్రం ఖాయం. బయటి నుంచి లోపలికి టెండన్, ధమని, నరం, ఇదీ వరస. ఇంకా లోపలికి పోతే ఒక ఎముక బుడిపె తగులుతుంది. దాని వెనక దెబ్బ తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది. అది వేరే నరం, పేరు అల్నార్. ఈ తేడాతో తర్వాత చాలా పనుంది.

చేతిని పక్కకు చాపి, బైసెప్స్ కండరం లోపలి అంచు వెంట నొక్కుతూ పోతే బ్రేకియల్ నాడి చంక దాకా అందుతుంది. చంక దగ్గర, దండ మధ్యలో, మోచేతి మడత దగ్గర నాడి దొరికిన చోట చుక్కలు పెట్టి కలిపితే ధమని దారి గీసినట్టే. ఇక టేబుల్ మీది చేతిలో నాడి కొట్టుకోదు, కండరం బిగించమంటే బిగించదు, ఫార్మాలిన్‌కు చర్మం మొద్దుబారి ఉంటుంది. అక్కడ దొరికేవి ఎముక బుడిపెలు, మడతలు, కాస్త టెండన్లు. అందుకే తోటి విద్యార్థి చేతి మీద గీసిన గీతను చూసి, అదే గీతను కోతకు ముందే ఇక్కడి చర్మం మీద మార్కర్‌తో గీయాలి. ఈ పని అయిదు నిమిషాలకు మించదు. చాలా టేబుళ్ల దగ్గర దీన్ని దాటేసి నేరుగా కోతకు దిగడమే నన్ను బాధపెట్టే విషయం. ఒకసారి చర్మం లేచాక ఆ గీత గీసే అవకాశం ఆ చేతిలో మళ్లీ రాదు.

చర్మాన్ని పూర్తిగా కోసి పారేయకూడదు. ఒక వైపు అతుక్కునే ఉండేలా తలుపు రెక్కలా తిప్పాలి, మళ్లీ మూయడానికి. మోచేతి దగ్గర మొదటి పొరపాటు జరిగేది ఈ దశలోనే. కొవ్వు శుభ్రం చేసే హడావిడిలో బైసెప్స్ టెండన్ నుంచి లోపలి వైపుకు వాలుగా పరుచుకునే పల్చటి పట్టీని, అంటే బైసిపిటల్ అపోన్యూరోసిస్‌ను, కొవ్వుతోపాటే లాగేస్తారు. రక్తం తీసే సిర ఆ పట్టీకి పైన, ధమనీ మీడియన్ నరమూ దాని కింద ఉంటాయి. మధ్యలో అడ్డుగా ఉన్నది ఆ పట్టీయే. అది పోతే మూడూ ఒకే లోతులో ఉన్నట్టు కనిపిస్తాయి. సూది ఎంత లోతుకు దిగితే ప్రమాదమో అప్పుడు ఆ చేయి చెప్పలేదు. మోచేతిని ఎదురుబలంతో వంచినప్పుడు టెండన్ లోపలి పక్కన పదునైన అంచు వేలికి తగులుతుంది. ఆ అంచును తమ చేతిలో ముందే పట్టుకున్నవాళ్లు ఇక్కడ కత్తిని ఆపుతారు.

ఇప్పుడు చంకకు వెళ్దాం. పెద్ద ధమని చుట్టూ నరాల గుంపు ఉంటుంది. అందులో రెండు వేర్లు ధమనిని చెరో పక్క నుంచి పట్టుకుని దాని ముందు కలుస్తాయి. అలా కలిసి పుట్టేదే మీడియన్. బయటివైపు పక్క నరం ఒక కండరాన్ని చీల్చుకుని దూరిపోతుంది, లోపలివైపుది అల్నార్. మూడూ కలిసి ఆంగ్ల అక్షరం ఎమ్ ఆకారంలో కనిపిస్తాయి. అక్కడి నుంచి ఫోర్సెప్స్ మూసి, మొనతో పొడవకుండా, నరం వెంబడే కొవ్వును పక్కకు తోస్తూ దిగాలి. అడ్డంగా గీరితే కొమ్మలు తెగుతాయి. దండ పైభాగంలో నరం ధమనికి బయటి పక్కన ఉంటుంది, మధ్యకు వచ్చేసరికి దాని ముందు నుంచి దాటి లోపలి పక్కకు చేరుతుంది. కిందికి దిగుతున్న నరం మోచేతి బుడిపె వెనక్కి పోయిందంటే మనం పట్టుకున్నది అల్నార్. ముందు నుంచి మడతలోకి వచ్చిందంటే మీడియన్.

మోచేతి కింద అది ఒక కండరం రెండు తలల మధ్య దూరి మాయమవుతుంది. రెండో తడబాటు ఇక్కడ. వేళ్లను వంచే పైవరస కండరాన్ని ఎత్తి, దాని కింద గుంతలో నరం కోసం వెతుకుతారు, దొరకదు. అది ఎత్తిన కండరం అడుగుకే అంటుకుని ఉంటుంది. కండరాన్ని తిప్పి చూడాలి. మణికట్టుకు సుమారు 5 సెంటీమీటర్ల ముందు ఆ కండరం బయటి అంచు నుంచి నరం పైకి తేలుతుంది.

మూడో చిక్కు అన్నిటికంటే పెద్దది. బొటనవేలినీ చిటికెన వేలినీ కలిపి మణికట్టు వంచితే మధ్యలో ఒక సన్నని టెండన్ లేస్తుంది. అది పామారిస్ లాంగస్. కొందరికి ఉండదు, ఉన్నా పెద్ద ఉపయోగం లేదు. అందుకే వేరేచోట తెగిన టెండన్ బాగుచేయడానికి సర్జన్లు దీన్ని తీసి వాడతారు. మీడియన్ నరం సరిగ్గా దీని కింద, కొద్దిగా బొటనవేలి వైపుకు ఉంటుంది. రెండూ తెల్లగా, ఇంచుమించు ఒకే లావులో ఉంటాయి. టెండన్ అనుకుని నరాన్నే కోసి తీసిన సందర్భాలు వైద్యపత్రికల్లో నమోదయ్యాయి. రంగు చూసి తేల్చడం ప్రమాదం. రెండింటినీ పైకి వెంబడిస్తే ఒకటి కొంత దూరంలోనే ఎర్రటి కండరంగా మారుతుంది, రెండోది మారకుండా చేతి లోతుకు దిగిపోతుంది. కిందికి వెంబడిస్తే ఒకటి అరచేతి పొరలో పరుచుకుంటుంది, రెండోది మణికట్టు పట్టీ కింద నుంచి దూరి వేళ్లకు కొమ్మలు వేస్తుంది. రెండు చివరలూ చూసినవాడు పొరబడడు.

ఒకసారి ఇలా దిగితే పని అయిపోయినట్టు కాదు. ఆ రోజే ఇంకొకరు కింది నుంచి పైకి, వేళ్ల దగ్గర మొదలుపెట్టి చంక దాకా పోవాలి. దారి తిరగబడితే, తెలుసనుకున్నవి ఎన్ని తెలియవో బయటపడుతుంది. మర్నాడు పుస్తకం మూసి, చర్మం రెక్క మూసి, నరం ఇక్కడుందని చర్మం మీద వేలు పెట్టి చెప్పాలి. తర్వాత రెక్క తెరిచి చూడాలి. చెప్పకుండా తెరిస్తే, కనబడ్డదంతా ముందే తెలిసినట్టు అనిపిస్తుంది. ఒక వేలి వెడల్పు తేడా వచ్చిందంటే ఎటువైపు వచ్చిందో గమనించాలి. మొదట్లో చాలామంది నరాన్ని మరీ బయటకు ఊహిస్తారు. మూడోసారి మధ్యలో ఏదో ఒక చోట మొదలుపెట్టించాలి, పరీక్షలోనూ ఆపరేషన్‌లోనూ నరం ఎదురయ్యేది అలాగే. ఒక్కో పర్యాయానికి పది నిమిషాలు చాలు, పైగా కత్తి అవసరం లేదు. కాబట్టి ఇది వెనక నిలబడ్డవాళ్లందరికీ అందే పని.

తర్వాత పక్క టేబుల్‌కు వెళ్లాలి. పుస్తకంలో ఉన్నది ఎక్కువమందిలో కనిపించే దారి మాత్రమే. కొన్ని చేతుల్లో మీడియన్ నరం ధమని వెనక నుంచి దాటుతుంది. కొన్నిట్లో బ్రేకియల్ ధమని మోచేతి దాకా ఆగకుండా దండలోనే రెండుగా చీలుతుంది, ఆ రెంటిలో ఒకటి చర్మానికి బాగా దగ్గరగా దిగవచ్చు. చర్మం మీద గీసిన గీతకు అంతమేరకే విలువ. అది వెతకవలసిన చోటు చూపిస్తుంది, అక్కడ తప్పక ఉంటుందని హామీ ఇవ్వదు. మడతలో సూది గుచ్చేముందు నాడి చూడాలనడం అందుకే.

ఈ దారి తెలిసినవాళ్లకు ఓపీలో ఏం కనిపిస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను. రాత్రి నిద్రలో చేయి తిమ్మిరెక్కి మెలకువ వస్తోందని, బొటనవేలు, చూపుడువేలు, నడివేలు మొద్దుబారాయని ఒకామె వస్తుంది. అరచేతి మధ్య మాత్రం స్పర్శ బాగానే ఉంది. బల్ల దగ్గర నరాన్ని మణికట్టు దాకా వెంబడించినవాళ్లు అక్కడొక సన్నని కొమ్మను చూసి ఉంటారు. అరచేతి చర్మానికి పోయే కొమ్మ అది, పట్టీకి ముందే విడిపోయి పట్టీ పైనుంచి వెళ్తుంది. వేళ్లకు పోయే అసలు నరం పట్టీ కింద నుంచి వెళ్తుంది. వేళ్లు మొద్దుబారి అరచేయి బాగున్నదంటే నరం నొక్కుకుపోతున్నది పట్టీ కిందేనని అనుమానించాలి. అదే కార్పల్ టన్నెల్ సమస్య. అరచేయి కూడా మొద్దుబారితే ఇంకా పైన, ముంజేతిలో వెతకాలి. శుభ్రం చేసేటప్పుడు కొవ్వుతోపాటు తెగిపోయేది సాధారణంగా ఆ సన్నని కొమ్మే.

రోజు పని ముగిశాక చర్మం రెక్కలను యథాస్థానానికి చేర్చి, తడి గుడ్డ చుట్టి, మీద ప్లాస్టిక్ కప్పాలి. గాలికి వదిలేస్తే నరం ఎండి గోధుమరంగు తాడైపోతుంది, మర్నాటికి దాన్ని టెండన్ నుంచి వేరుచేయడం ట్యూటర్‌కూ కష్టమే. వేళ్లూ మణికట్టూ ముందుగా ఎండుతాయి, కాబట్టి గుడ్డ అక్కడ రెండు చుట్లు ఎక్కువ చుట్టాలి.