దరఖాస్తే పంపలేదు, ఫీజు రాబట్టేదెలా?

కెనడా పీఆర్ పనులన్నీ చూసుకుంటామన్న హైదరాబాద్ కన్సల్టెన్సీకి ఒకరు లక్షన్నర కట్టారనుకుందాం. ఏడాదైనా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ప్రొఫైల్ నంబరే చేతికి రాలేదు. గట్టిగా అడిగితే, ‘ఫీజు తిరిగివ్వబోమని ఒప్పందంలో ఉంది’ అంటారు.

ఆ మాటకు బెదరక్కర్లేదు. వీసా ఇవ్వడం కెనడా ప్రభుత్వం చేతిలోని పని. అందుకే తిరస్కరణకు కన్సల్టెంట్‌ను బాధ్యుణ్ని చేయడం కష్టం. అసలు దరఖాస్తే పంపకపోవడం మాత్రం సేవాలోపం. కేసు బలమంతా ఈ తేడాలోనే ఉంది.

ఒప్పందం, బ్యాంకు స్టేట్‌మెంట్, ‘ఈ వారం పంపేస్తాం’ అన్న వాట్సాప్ మెసేజ్‌లు భద్రంగా ఉంచుకోవాలి. ముందు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపడం మంచిది. జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం సొంత జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే రుసుమూ లేదు. అయితే వివాదం తలెత్తిన 2 ఏళ్లలోపే వేయాలి. ‘వచ్చే నెల చూద్దాం’ అన్న వాయిదాలకు ఆ గడువు ఆగదు. లాయరును పెట్టుకోలేనివారు తమ కేసు తామే వాదించుకోవచ్చు.