పై వాటా ఎంత భద్రం?

ఒక ఫైనాన్స్ కంపెనీ వంద మందికి తలా లక్ష రూపాయలు అప్పిచ్చింది అనుకుందాం. మొత్తం కోటి. ఆ అప్పుల మూటను ముక్కలు చేసి మదుపరులకు అమ్ముతుంది. ముక్కను ఫ్రెంచిలో ట్రాంచ్ అంటారు, మార్కెట్లో అదే మాట స్థిరపడింది. ఎవరు ఎగ్గొట్టినా మొదటి పది లక్షల నష్టం ఈక్విటీ ట్రాంచ్‌ది. తర్వాతి పది లక్షలు మధ్య ట్రాంచ్‌వి. పైన మిగిలిన ఎనభై లక్షలు సీనియర్. నష్టం ఇరవై లక్షలు దాటితే గానీ సీనియర్ వాళ్ల జోలికి రాదు. అందుకే వాళ్లకు వడ్డీ తక్కువ, ఈక్విటీకి ఎక్కువ.

సగటున వందలో పది అప్పులు పూర్తిగా మునుగుతాయనుకుందాం. ఎవరి కష్టం వాళ్లదే అయితే, ఒకరికి జబ్బు చేసి, మరొకరి గేదె చచ్చి, ఎగవేతలు పది చుట్టూనే తిరుగుతాయి. ఇరవై దాటే అవకాశం వెయ్యిలో ఒకటి కూడా లేదు. ఈక్విటీ మాత్రం పదిలో సుమారు 8.8 లక్షలు పోగొట్టుకోవడానికి సిద్ధపడాల్సిందే.

ఇప్పుడు సగటును కదపకుండా ఒక్క సంగతి మారుద్దాం. అయిదేళ్లలో నాలుగేళ్లు బాగుండి, అయిదుగురే ఎగ్గొడతారు. ఒక చెడ్డ ఏడాది ముప్పై మంది ఒక్కసారే చేతులెత్తేస్తారు. సగటు అదే పది. కానీ చెడ్డ ఏడు వచ్చిందంటే సీనియర్‌కు సుమారు పది లక్షలు గోవిందా. ఈక్విటీకి పోయేది ఎప్పుడూ పది లక్షలకు మించదు. పైగా నాలుగేళ్లు సగమే పోతుంది. సగటున దాని నష్టం ఆరు లక్షలకు దిగుతుంది. మొత్తం నష్టం పెరగలేదు, కింది నుంచి పైకి జరిగిందంతే. ఎగవేతలు ఇలా జట్టుగా కదలడాన్నే కోరిలేషన్ అంటారు. అది పెరిగితే ఈక్విటీ వాడికి మేలు, భద్రమని నమ్మిన సీనియర్ వాడికి చేటు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, లెక్క అదే.

మనవాళ్లకు ఇది కొత్త కాదు. 2010 అక్టోబరుకు ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా గ్రూపుల మైక్రోఫైనాన్స్ అప్పులు వాయిదా తప్పకుండా వసూలయ్యేవి. ఊరికో అప్పు, గ్రూపుకో పూచీ కాబట్టి దేనికదే విడి అనిపించేది. వేధింపులు, ఆత్మహత్యల వార్తల తర్వాత ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఊళ్లు వేరైనా చట్టం ఒకటే, రాజకీయం ఒకటే. రాష్ట్రమంతటా వసూళ్లు ఒకేసారి కుప్పకూలాయి. 2007 తర్వాత అమెరికాలో ఇళ్ల ధరలు దేశమంతా పడిపోయినప్పుడూ ఇదే జరిగింది. అక్కడ అత్యున్నత రేటింగ్ ఉన్న ముక్కలు చాలా మునిగాయి.

చిక్కేమిటంటే, మంచి కాలపు వసూళ్ల పట్టికలో కోరిలేషన్ కనబడదు. అందుకే పూల్ కొనేవాడు వంద అప్పులున్నాయా అని కాక, ఒకే రాష్ట్రం, ఒకే పంట, ఒకే యజమాని మీద ఎన్ని ఆధారపడ్డాయని అడగాలి. సంబంధం లేని జిల్లాల్లో ఒకే నెలలో బకాయిలు పెరిగితే, సగటు ఇంకా మామూలుగానే ఉన్నా, పై వాటా వాళ్లు తమ లెక్క మళ్లీ చూసుకోవాలి.